నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడేళ్లు: 72 లెక్క ప్రకారం రెండు లక్షలు రావాల కదా?

కోవూరు_కుర్రోడు
మా నాయన మా ఊరాయనకి లక్ష రూపాయలు నోటు మీద ఇచ్చుండాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. మధ్యలో ఒక్క రూపాయి కూడా కట్టలేదు. వచ్చే నెలకి మూడేళ్లు నిండతాయి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24. 72ని 24తో భాగిస్తే 3. అంటే మూడేళ్లకి డబ్బు రెండింతలై రెండు లక్షలు రావాల. ఆయనేమో కాయితం మీద లెక్కేసి 1,72,000 ఇస్తా అంటుండాడు. మిగతా 28,000 యాడికి పోయినట్టు? నా లెక్క తప్పా, లేకపోతే పిల్లోడని ఆటాడిస్తుండాడా?

చీమకుర్తి_రాయి
నీ లెక్క కరెక్టే. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే ఎన్నేళ్లకి డబులో వస్తుంది, ఇది ప్రపంచమంతా వాడే లెక్క. 28,000 గట్టిగా అడుగు.

మైపాడు_గాలి
1,72,000లో 72 కనపడతానే ఉంది కదబ్బా. ఆయన కూడా 72 సూత్రమే వాడినట్టున్నాడు.

దర్శి_దస్తావేజు
ముందు నోటులో ఏం రాసుందో చూడు. మన వైపు నోట్లలో "నెల 1కి నూటికి రూ. 2-00ల చొప్పున వడ్డీ" అని ఉంటుంది, అంతే. చక్రవడ్డీ అన్న మాట లేకపోతే అది బారువడ్డీ. లక్షకి నెలకి 2,000, 36 నెలలకి 72,000. ఆయన లెక్క రూపాయి కూడా తప్పలేదు. 28,000 అడిగితే ఏ ఆధారంతో అడుగుతున్నావంటారు.

కోవూరు_కుర్రోడు
నోటు తీసి చూశా. చక్రవడ్డీ అని లేదు. మరి 72 లెక్క ఎందుకు తప్పింది?

పద్దుల_పంతులు
72 లెక్క తప్పలేదు, దానికి సంబంధం లేని చోట వాడారు. అది వడ్డీకి వడ్డీ పుట్టే చోట మాత్రమే నడుస్తుంది. బారువడ్డీకి దాంతో పనే లేదు. బారువడ్డీలో రెండింతలు కావడానికి 100ని నెల వడ్డీతో భాగించండి. రెండు రూపాయలకి 50 నెలలు, రూపాయిన్నరకి 66 నెలల 20 రోజులు, రూపాయికి 100 నెలలు. ఇది ఉజ్జాయింపు కాదు, నిక్కచ్చి లెక్క.

మైపాడు గాలి గారు సరదాకి అన్నా అందులో విషయం ఉంది. 72 సూత్రం చెప్పే గడువులో, ఏ రేటైనా సరే, బారువడ్డీ సరిగ్గా నూటికి 72 వస్తుంది. రేటుని ఏళ్లతో గుణిస్తే 72 అయ్యేట్టే కదా ఆ గడువు పెట్టింది. 8 శాతం మీద 9 ఏళ్లకి 72. 6 శాతం మీద 12 ఏళ్లకి 72. మీ 24 శాతం మీద 3 ఏళ్లకీ 72. నూరు నిండాలంటే మిగతా 28 వడ్డీ మీద వడ్డీగా రావాలి. మీ నోటులో వడ్డీ మీద వడ్డీ లేదు, కాబట్టి ఆ 28,000 ఎక్కడికీ పోలేదు, అసలు పుట్టనే లేదు.

మైపాడు_గాలి
నేను సరదాకి అంటే సిద్ధాంతం బయటికొచ్చిందే!

చీమకుర్తి_రాయి
సరే, బారువడ్డీ అని ముందు చెప్పలేదు ఆయన. చక్రవడ్డీ అయితే మాత్రం మూడేళ్లకి రెండు లక్షలు గ్యారంటీ.

పద్దుల_పంతులు
అదీ రాదు. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపితే లక్ష మొదటి ఏడాదికి 1,24,000, రెండో ఏడాదికి 1,53,760, మూడో ఏడాదికి 1,90,662. రెండు లక్షలకి ఇంకా 9,338 తక్కువ.

చీమకుర్తి_రాయి
మరి సూత్రం ఏమైనట్టు?

పద్దుల_పంతులు
72 అన్న అంకె 8 శాతం చుట్టుపక్కల బాగా కుదురుతుంది. 8 శాతం మీద 9 ఏళ్లకి లక్ష 1,99,900 అవుతుంది, వంద రూపాయలే తేడా. రేటు పెరిగేకొద్దీ 72 చాలదు, ఇంకొంచెం పెద్ద అంకె కావాలి. రేటు తగ్గితే 72 ఎక్కువవుతుంది. నోటితో సరిచేసుకునే పద్ధతి ఉంది: 8కి పైన ప్రతి 3 శాతానికి 72కి ఒకటి కలపండి, కింద ప్రతి 3 శాతానికి ఒకటి తీసేయండి.

24 అంటే 8కి 16 పైన. 16ని 3తో భాగిస్తే అయిదు, చిల్లర. 72కి కలిపితే 77.3. దాన్ని 24తో భాగిస్తే 3.22 ఏళ్లు, అంటే 39 నెలలకి కాస్త తక్కువ. కంప్యూటర్లో వేసి చూసినా అదే వస్తుంది.

```
=LN(2)/LN(1.24)
```

కనిగిరి_కరువు
అయితే ఏడాదికోసారి కాకుండా నెలనెలా కలిపితే?

పద్దుల_పంతులు
అప్పుడు ఏడాది రేటు 24ని పక్కన పెట్టి, నెల రేటు 2నే తీసుకోవాలి. జవాబు నెలల్లో వస్తుంది. 72ని 2తో భాగిస్తే 36 నెలలు. పైన చెప్పిన సవరణ చేస్తే 2 అంటే 8కి 6 కింద, కాబట్టి 72లోంచి 2 తీసేసి 70. సగం చేస్తే 35 నెలలు. నిజం లెక్క కూడా 35 నెలలే, ఒకట్రెండు గంటలు అటూ ఇటూ. 36 నెలలకి లక్ష 2,03,989 అవుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రేటు నెలదైతే జవాబు నెలలు, ఏడాదిదైతే ఏళ్లు. మన ఊళ్లలో వడ్డీ నెలకి చెప్తారు, బ్యాంకుల్లో ఏడాదికి చెప్తారు. ఒకదాని అంకె రెండోదానికి తగిలిస్తే మొత్తం తలకిందులు.

దర్శి_దస్తావేజు
పంతులు గారూ, ఊళ్లో జరిగేది మీరు చెప్పిన మూడూ కాదు. నోటుకి మూడేళ్ల కాలదోషం ఉంటుంది. ఆ గడువు దాటకముందే ఏదో ఒకటి చెయ్యాలి. ఒకటి, బాకీదారు ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెడతాడు. అప్పుడు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తుంది, అసలు మాత్రం లక్షే. రెండోది, నోటు తిరగరాస్తారు. వడ్డీ అంతా అసలులో కలిపి 1,72,000కి కొత్త నోటు. దీని లెక్క చెప్పండి.

పద్దుల_పంతులు
మంచి ప్రశ్న. తిరగరాత అంటే మూడేళ్లకోసారి కలిసే చక్రవడ్డీ. ఆ మూడేళ్ల లోపల బారువడ్డీ, మూడేళ్లు నిండిన రోజు వడ్డీ అసలైపోతుంది.

కొత్త నోటు 1,72,000 మీద నెలకి వడ్డీ 3,440. రెండు లక్షలకి ఇంకా కావలసింది 28,000. భాగిస్తే 8 నెలల 4 రోజులు. అంటే మొదటి నోటు తేదీ నుంచి 44 నెలలు.

ఒకే రెండు రూపాయల వడ్డీకి నాలుగు జవాబులు చూడండి. నెలనెలా కలిపితే 35 నెలలు, ఏటా కలిపితే 39, మూడేళ్లకోసారి తిరగరాస్తే 44, అసలు కలపకపోతే 50. రేటు ఒకటే, ఎప్పుడు కలుపుతారన్నదే తేడా.

రెండో తిరగరాతకి, అంటే ఆరేళ్లకి, తేడా ఇంకా పెరుగుతుంది. బారువడ్డీ అయితే 2,44,000. తిరగరాస్తే 1,72,000 మీద మళ్లీ నూటికి 72, మొత్తం 2,95,840. ఏటా కలిపితే 3,63,522. నెలనెలా కలిపితే 4,16,114.

మైపాడు_గాలి
నోటు మీద సంతకం చేసే ముందు ఈ పోస్టు చదివి వినిపించాల.

ఉలవపాడు_మామిడి
నాకూ ఇదే సమస్య. బ్యాంకులో నెలకి 5,000 ఆర్డీ కడుతున్నా, 7.2 శాతం. 72ని 7.2తో భాగిస్తే పదేళ్లు. పదేళ్లకి నేను కట్టేది 6 లక్షలు, 12 లక్షలు రావాలి. బ్యాంకు కాగితంలో 8 లక్షల 78 వేలు దాకా ఉంది. ఇక్కడ కూడా బారువడ్డీ వేస్తున్నారా?

చీమకుర్తి_రాయి
పన్ను పట్టుకునుంటారు.

పద్దుల_పంతులు
పన్ను కాదు, బారువడ్డీ కూడా కాదు. మీ కాగితంలో మూడు నెలలకోసారి చక్రవడ్డీ సరిగానే వేశారు. 72 సూత్రం ఒకేసారి పెట్టి వదిలేసిన మొత్తానికి. ఆర్డీలో ప్రతి కంతుకీ దాని వయసు దానిదే. మొదటి నెల కట్టిన 5,000 పదేళ్లు ఉంది, అది పదివేలు దాటుతుంది. ఆఖరి కంతు ఒక్క నెల ఉంది, దానికి వచ్చేది ముప్ఫై రూపాయలు. సగటున మీ డబ్బు అయిదేళ్లే బ్యాంకులో ఉన్నట్టు.

కట్టిన మొత్తానికి రెండింతలు రావాలంటే ఇదే రేటు మీద పదిహేడున్నరేళ్ల దాకా ఆగకుండా కడుతూ ఉండాలి.

ఉలవపాడు_మామిడి
అంత కాలానికి ఆర్డీ ఇస్తారా?

పద్దుల_పంతులు
మామూలుగా పదేళ్లు దాటి ఇవ్వరు. అందుకే దీనికి 72 పెట్టొద్దు, మెచ్యూరిటీ అంకెనే చూడండి.

చీమకుర్తి_రాయి
పోస్టాఫీసు కిసాన్ వికాస పత్రం మాత్రం 72 సూత్రం మీదే పెట్టారు, ఇది కాదనలేరు. 7.5 శాతం, 115 నెలలు. 72ని 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు, 12తో గుణిస్తే 115.2 నెలలు.

పద్దుల_పంతులు
అంకె కుదిరింది, కారణం వేరు. అసలు లెక్క ప్రకారమే 115 నెలలు వస్తుంది. 7.5 అన్నది 8కి పక్కనే కాబట్టి 72 కూడా అక్కడే పడింది. 2023 జనవరిలో రేటు 7.2గా ఉన్నప్పుడు గడువు 120 నెలలు, ఏప్రిల్ నుంచి 7.5కి పెంచి 115 చేశారు. రెండిటికీ సూత్రం సరిపోయింది. అంతకుముందు 6.9 శాతానికి 124 నెలలు ఇచ్చారు. 72తో చేస్తే 125 వస్తుంది. 8 నుంచి దూరం జరిగేకొద్దీ ఇట్లా నెల తేడా కనిపిస్తుంది.

ఇంకోటి, ఈ పత్రం వడ్డీకి ఆదాయపు పన్ను ఉంది. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 7.5లో చేతికి మిగిలేది 6. ఏటా పన్ను ఆ డబ్బులోంచే తీస్తే 72ని 6తో భాగించాలి, 12 ఏళ్లు. ఆ పన్ను వేరే ఆదాయం నుంచి కట్టుకుంటే పత్రం మాత్రం 115 నెలలకే రెండింతలవుతుంది, భారం ఇంకో జేబు మీద పడుతుంది.

కనిగిరి_కరువు
ధరలు కూడా చూడండి. ఏడాదికి 6 శాతం పెరిగితే ఆ 12 ఏళ్లకే సరుకుల ధర రెండింతలు. 20 శాతం శ్లాబు వాడికి పత్రంలో మిగిలింది ఏముంది? 72 లెక్క వడ్డీకే కాదు, ఖర్చుకీ పనిచేస్తుంది, అది ఎవరూ చెప్పరు.

పెన్నా_గణాంకం
పంతులు గారితో ఒక చోట విభేదిస్తా. చిన్న రేట్లకి 72 ఎందుకు మొయ్యడం? జనాభా లెక్కల వాళ్లం 70 వాడతాం. 1, 2 శాతాల దగ్గర అదే దగ్గరగా వస్తుంది, గుణింతం కూడా తేలిక.

పద్దుల_పంతులు
నిజమే, 2 శాతం దగ్గర 72కి సవరణ చేస్తే వచ్చేది 70యే. కానీ 72ని 2, 3, 4, 6, 8, 9, 12తో చిల్లర లేకుండా భాగించొచ్చు. వడ్డీలు ఎక్కువగా ఆ అంకెల్లోనే ఉంటాయి. 70ని 3తో, 6తో, 9తో నోటితో భాగించి చూడండి.

పెన్నా_గణాంకం
జనాభా పెరుగుదల ఏనాడూ 6, 9 ఉండదు సార్.

చీమకుర్తి_రాయి
ఉంటుంది. నెల్లూరు జిల్లా 2001 నుంచి 2011కి 11 శాతం పెరిగింది. 72ని 11తో భాగిస్తే ఆరున్నర. ఆ లెక్కన 2018కే జిల్లా రెండింతలు కావాలి.

మైపాడు_గాలి
ట్రంకు రోడ్డు మీద సాయంత్రం పోయి చూస్తే అయినట్టే ఉంటుంది.

పెన్నా_గణాంకం
రాయి గారూ, ఆ 11 శాతం పదేళ్లది. పంతులు గారు పైన చెప్పిందే, రేటు పదేళ్లదైతే జవాబు కూడా పదేళ్ల మూటల్లో వస్తుంది. ఆరున్నర మూటలు, అంటే 65 ఏళ్లు.

వివరంగా చూద్దాం. నెల్లూరు జిల్లా 2001లో 26.68 లక్షలు, 2011లో 29.63 లక్షలు. పెరిగింది 2.95 లక్షలు, 11 శాతం. దీన్ని పదితో భాగించి ఏడాదికి 1.1 అనడం కూడా పూర్తిగా సరికాదు, ఎందుకంటే పెరిగిన జనంతో మళ్లీ జనం పెరుగుతారు. ఏటా 1.05 శాతం చొప్పున పెరిగితే చాలు, పదేళ్లకి 11 అవుతుంది. 70ని 1.05తో భాగిస్తే 66, 67 ఏళ్లు. నిజం లెక్క 66. 72తో చేస్తే 68 దాటుతుంది. అందుకే 70 అన్నా.

చీమకుర్తి_రాయి
అంటే 2077కి 59 లక్షలు.

పెన్నా_గణాంకం
కాదు. ఇప్పుడున్న వేగం అట్లాగే కొనసాగితే ఎంత అన్నదే ఈ లెక్క. అది జోస్యం కాదు. దేశం మొత్తం తీసుకుని పరీక్షించొచ్చు. 1961లో 43.9 కోట్లు, 1971లో 54.8 కోట్లు. ఏడాదికి 2.24 శాతం. 1971లో కూర్చుని 70ని 2.24తో భాగిస్తే 31 ఏళ్లు, అంటే 2002కి 109.6 కోట్లు కావాలి. 2001 లెక్కల్లో ఉన్నది 102.9 కోట్లు, 2011లో 121 కోట్లు. మధ్యలో 109.6 కోట్లు దాటింది 2005 ప్రాంతంలో. మూడేళ్లు ఆలస్యం. 1980ల దాకా వేగం పెద్దగా తగ్గలేదు కాబట్టి తేడా అంతే. ఆ తర్వాత బాగా తగ్గింది.

ఇప్పుడైతే తేడా మూడేళ్లతో ఆగదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే రెండు పైచిలుకు కావాలి. ఆ లెక్కన నెల్లూరు ఏనాటికైనా రెండింతలవుతుందా అన్నదే అనుమానం. బ్యాంకు వడ్డీ రేటుకి గడువు దాకా హామీ ఉంటుంది, జనన రేటుకి ఉండదు.

దర్శి_దస్తావేజు
పైగా 2022లో జిల్లాలు మారాయి. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి పోయాయి, మా ప్రకాశం నుంచి కందుకూరు నెల్లూరులో కలిసింది. రాబోయే లెక్కల్లో నెల్లూరు అని కనిపించే అంకెని పాత 29.63 లక్షల పక్కన పెట్టి శాతం తీస్తే మనుషులు పుట్టకుండానే పెరుగుతారు, చావకుండానే తగ్గుతారు.

పెన్నా_గణాంకం
అవును. మండలాల వారీగా పాత అంకెలు తీసుకుని, కొత్త సరిహద్దులకి కూడుకుని, అప్పుడు పోల్చాలి. పనెక్కువ, వేరే దారి లేదు.

కోవూరు_కుర్రోడు
నా నోటు సంగతి వదిలేసి జనాభాకి పోయినారే! ఆయన ఇంకో మాట కూడా అంటుండాడు. "ఇప్పుడు డబ్బు ఇబ్బందిగా ఉంది, 1,72,000కి నోటు తిరగరాస్తా" అని. తీసుకునేదా, రాయించేదా?

కనిగిరి_కరువు
తీసుకో. కాగితం మీద రెండింతలయ్యే డబ్బు కంటే చేతికొచ్చే 1,72,000 మేలు. మూడేళ్లలో ఒక్క నెల కూడా వడ్డీ కట్టని మనిషి, తిరగరాసిన నోటుకి కడతాడా?

పద్దుల_పంతులు
లెక్క వరకే నేను చెప్తా. తిరగరాతల మీద డబ్బు ఏడాదికి 19.8 శాతం చక్రవడ్డీతో పెరిగినట్టు. 1,72,000 తీసుకుని 7 శాతం ఎఫ్‌డీలో, మూడు నెలలకోసారి వడ్డీ కలిసేట్టు వేస్తే, రెండింతలకి దాదాపు పదేళ్లు. ఆ రెండు రేట్ల మధ్య తేడా అంతా అవతలి మనిషి ఇవ్వకపోతే ఏమిటన్న భయానికి ధర. ఆ మనిషి ఎట్లాంటివాడో 72 సూత్రం చెప్పదు.

చీమకుర్తి_రాయి
నేనైతే రాయిస్తా. పొలం ఉందా ఆయనకి?

కనిగిరి_కరువు
పొలం ఉంటే మాత్రం? కోర్టు చుట్టూ తిరిగే ఏళ్లు 72లో ఎవరు కలుపుతారు?

దర్శి_దస్తావేజు
ఏది చేసినా మూడేళ్లు నిండే తేదీకి ముందే చెయ్యి. రాయించుకుంటే కొత్త తేదీతో కొత్త నోటు, పాతది ఆయన ముందే రద్దు చేసి ఇచ్చెయ్యి. సగం డబ్బు ఇస్తానంటే చెల్లు వేయించుకో. చెల్లు సొమ్ము ముందు వడ్డీలోకి పోతుంది, మిగిలితేనే అసలులోకి, అది కూడా మాట్లాడుకోండి. లక్ష చెల్లు వేస్తే 72,000 వడ్డీకి, 28,000 అసలుకి, నోటు మీద ఇంకా 72,000 ఉంటుంది.

మైపాడు_గాలి
మళ్లీ 72!

కోవూరు_కుర్రోడు
ఇంకో తిరకాసు. ఆయన ఇంగ్లీషు నెలలు లెక్కేసినాడు. మా నాయన పంచాంగం చూసి, మధ్యలో అధికమాసం వచ్చింది, 37 నెలలు, ఇంకో రెండు వేలు రావాల అంటుండాడు.

దర్శి_దస్తావేజు
నోటు మీద ఏ తేదీ ఉందో ఆ క్యాలెండరే.

మైపాడు_గాలి
నాయన లెక్కన 1,74,000. పంతులు గారూ, 74 సూత్రం ఏమన్నా ఉందా?

పద్దుల_పంతులు
ఉంది, 14 శాతం వడ్డీ దగ్గర. సవరణ వేసి చూసుకోండి.